దోషి ఏ డబ్బాలో?

జిమ్‌లో చేరిన రెండు మూడు నెలలకే చాలామంది కుర్రాళ్ల అలమరలో నాలుగు డబ్బాలు చేరుతున్నాయి. ఒకటి క్రియాటిన్, ఒకటి బీటా అలనిన్, ఒకటి వే ప్రోటీన్. నాలుగోది కసరత్తుకు ముందు నీళ్లలో కలుపుకుని తాగే ప్రీ వర్కౌట్ పొడి. ఇలా కలిపి వాడే సప్లిమెంట్ల జట్టునే జిమ్ భాషలో ‘స్టాక్’ అంటారు. నాలుగూ ఒకే రోజు కొంటారు, ఒకే రోజు మొదలుపెడతారు. మూడో రోజుకల్లా ముఖం చిమచిమలాడుతుంది, కడుపు ఉబ్బరంగా ఉంటుంది, అర్ధరాత్రి దాటినా కునుకు పట్టదు. ట్రైనర్ దగ్గరికెళ్లి ‘‘అన్నా, నాకు క్రియాటిన్ పడట్లేదు’’ అని చెప్పేస్తారు. నాలుగింటిలో ఎక్కువగా విన్న పేరు అదే కాబట్టి నింద దాని మీద పడుతుంది. ఆ డబ్బా మూలకు చేరుతుంది. చిమచిమ మాత్రం అలాగే ఉంటుంది.

ఉండక ఏం చేస్తుంది? చర్మం చిమచిమలాడటం క్రియాటిన్ లక్షణం కాదు, బీటా అలనిన్ లక్షణం. నిద్ర చెడగొట్టేది చాలావరకు ప్రీ వర్కౌట్‌లోని కెఫీన్. ఇక కడుపు సంగతంటారా, అందులో నాలుగింటికీ వాటా ఉండొచ్చు. ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే అన్నీ ఆపి, ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టడం ఒక్కటే దారి. చెప్పడానికి సులువుగానే ఉన్నా, ఒక్కో పదార్థం ఒంట్లో ఎంత త్వరగా బయటపడుతుందో, ఎంత నిదానంగా వెళ్లిపోతుందో తెలియకపోతే ఈ పరీక్ష కూడా తప్పుడు తీర్పే ఇస్తుంది.

అసలు ఈ రెండింటినీ ఎందుకు కలుపుతారు? క్రియాటిన్ మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం. మాంసం, చేపల్లోనూ ఉంటుంది. కండరంలో అది ఫాస్ఫేట్‌తో కలిసి నిల్వ ఉండి, బరువైన బార్‌ను ఎత్తేటప్పుడో, పది సెకన్ల పరుగు తీసేటప్పుడో తక్షణ శక్తిని అందిస్తుంది. బీటా అలనిన్ దారి వేరు. అది కండరంలోకి వెళ్లి హిస్టిడిన్ అనే మరో అమైనో ఆమ్లంతో కలిసి కార్నోసిన్‌గా మారుతుంది. తీవ్రంగా కసరత్తు చేసేటప్పుడు కండరంలో ఆమ్లత్వం పెరిగి మంట పుడుతుంది కదా, కార్నోసిన్ ఆ ఆమ్లత్వాన్ని కొంత అదుపులో పెడుతుంది. అందుకే బీటా అలనిన్ ప్రయోజనం ఎక్కువగా కనిపించేది ఒకటి నుంచి నాలుగు నిమిషాల పాటు సాగే గట్టి శ్రమలో. రెండూ వేర్వేరు పనులు చేస్తాయి కాబట్టి కలిపి వాడటంలో అర్థం ఉంది. 2006లో అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన పది వారాల పరిశోధనలో ఈ జోడీ తీసుకున్నవారి శరీరంలో కొవ్వు, కండ నిష్పత్తి మెరుగ్గా మారినట్టు కనిపించింది.

ఈ రెండు పదార్థాల కథలోనూ ఒకే శాస్త్రవేత్త పేరు వినిపిస్తుంది. ఆయన బ్రిటన్‌కు చెందిన రోజర్ హ్యారిస్. 1992లో స్వీడన్ పరిశోధకులతో కలిసి, క్రియాటిన్ పొడి తాగితే కండరంలో దాని నిల్వ పెరుగుతుందని చూపించింది ఆయనే. 2006లో బీటా అలనిన్ తీసుకుంటే కండరంలో కార్నోసిన్ పెరుగుతుందని చూపిన బృందానికి ముందు నడిచిందీ ఆయనే. ఆ రెండో పరిశోధనలో బయటపడ్డ ఒక చిన్న విషయం నేటి జిమ్ కుర్రాళ్లకు బాగా పనికొస్తుంది.

హ్యారిస్ బృందం వలంటీర్లకు శరీర బరువును బట్టి బీటా అలనిన్ మోతాదులిచ్చింది. కిలోకు 10 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు చిమచిమ స్వల్పంగా ఉంది. కిలోకు 40 మిల్లీగ్రాములకు చేరేసరికి ఓర్చుకోలేనంత అయింది. ఈ లెక్కను మన దగ్గరికి తెచ్చుకుందాం. 70 కిలోల మనిషికి 10 మిల్లీగ్రాముల చొప్పున అంటే 700 మిల్లీగ్రాములు. 40 చొప్పున అంటే 2.8 గ్రాములు. బజార్లో దొరికే చాలా ప్రీ వర్కౌట్ పొడుల్లో ఒక్క స్కూప్‌కే 3.2 గ్రాముల బీటా అలనిన్ ఉంటోంది. అంటే పరిశోధనలో వలంటీర్లు తట్టుకోలేకపోయిన మోతాదును మించి ఒకే గుక్కలో తాగుతున్నాడన్నమాట.

తాగిన పదిహేను ఇరవై నిమిషాలకు చిమచిమ మొదలవుతుంది. ముందు చెవులు, నుదురు, నెత్తి. తర్వాత మెడ, చేతుల వెనకభాగం. పైన సన్నగా సూదులతో పొడుస్తున్నట్టు ఉంటుంది గానీ గోకి చూస్తే దద్దురు కనిపించదు. గంట, గంటన్నరలో దానంతటదే తగ్గిపోతుంది. చర్మంలోని కొన్ని నరాల చివర్లను బీటా అలనిన్ నేరుగా తట్టడం వల్ల వచ్చేదే ఇది. హిస్టమిన్ అనే రసాయనంతో దీనికి పని లేదు. అందుకే ఇది అలర్జీ కాదు, అలర్జీ మాత్రలు వేసుకున్నా ఫలితం ఉండదు. దీనివల్ల హాని జరిగినట్టు ఇప్పటిదాకా ఆధారాలు లేవు. మరో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒళ్లు చిమచిమలాడితే పొడి పనిచేస్తోందని జిమ్‌లో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. బీటా అలనిన్ పని వారాల తరబడి కండరంలో కార్నోసిన్ పేరుకోవడం. ఆ రోజు చర్మానికి ఏమనిపించిందన్నదానికీ, దానికీ సంబంధం లేదు. కసరత్తుకు ముందే తాగాలన్న నియమమూ లేదు.

అదే పొడిలో నికోటినిక్ ఆమ్లం రూపంలో నియాసిన్ విటమిన్ కూడా ఎక్కువగా ఉంటే చిక్కు పెరుగుతుంది. దానివల్ల ముఖం ఎర్రబడి, వేడెక్కుతుంది. చిమచిమ ఉండి ఎరుపు లేకపోతే బీటా అలనిన్‌ను, ఎరుపూ వేడీ ఉంటే నియాసిన్‌ను ముందు అనుమానించాలి. రెండూ కలిసి వస్తే చాలామంది ఒకే జబ్బు అనుకుని భయపడతారు.

క్రియాటిన్ వల్ల వచ్చే ఇబ్బందుల తీరు వేరు. మొదటి వారంలో ఒకటి రెండు కిలోల బరువు పెరగొచ్చు. అది కొవ్వు కాదు, కండరంలోకి చేరిన నీరు. మరొకటి కడుపు. నిల్వలు త్వరగా నిండాలని మొదటి అయిదారు రోజులు రోజుకు 20 గ్రాములు తాగే పద్ధతి ఒకటుంది. దాన్ని ‘లోడింగ్’ అంటారు. ఆ 20 గ్రాములనూ నాలుగు సార్లుగా విడగొట్టుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లు రెండు సార్లలో ముగించేస్తారు. 2008లో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన ఒక పరిశోధన ఈ తేడానే పరీక్షించింది. ఒకేసారి 10 గ్రాములు తాగినవారిలో సగానికి పైగా విరేచనాలతో ఇబ్బంది పడ్డారు. అదే 10 గ్రాములను అయిదేసి గ్రాములుగా రెండు సార్లు తాగినవారిలో దాదాపు 29 శాతం మందికే ఆ సమస్య వచ్చింది. అసలు విషయం మూడో బృందంలో ఉంది. వాళ్లకిచ్చింది క్రియాటిన్ కాదు, దానిలా కనిపించే ఉత్తుత్తి పొడి. వాళ్లలోనూ 35 శాతం మంది విరేచనాలని చెప్పారు!

అంటే ఏ పొడీ తాగకపోయినా కొంతమంది కడుపు కొన్ని రోజులు బాగుండదు. బయట తిండి, నీళ్లు, ఎండ, ఏదో తాగామన్న భయం, కారణం ఏదైనా కావచ్చు. ఒక్కొక్కటిగా చేర్చే పరీక్షకు ముందు ఏమీ తాగని రోజులు కొన్ని ఉండాలనడానికి కారణం ఇదే. ఖాళీ రోజుల్లో ఒళ్లు ఎలా ఉందో తెలియనివాళ్లకు, పొడి తాగిన రోజుల్లో వచ్చిన తేడా ఎంతో తెలిసే వీలు లేదు.

ఈ పరీక్ష ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 70 కిలోల కుర్రాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం. సాయంత్రం ఆరున్నరకు ప్రీ వర్కౌట్ ఒక స్కూప్ తాగి ఏడింటికి జిమ్‌కి వెళ్తాడు. ఆ స్కూప్‌లో 200 మిల్లీగ్రాముల కెఫీన్, 3.2 గ్రాముల బీటా అలనిన్, 3 గ్రాముల క్రియాటిన్ ఉన్నాయి. ఇది కాక క్రియాటిన్ పొద్దున 10, రాత్రి 10 గ్రాములు. కసరత్తు అయ్యాక పెద్ద గ్లాసు పాలలో వే ప్రోటీన్. చిమచిమ, కడుపుబ్బరం, విరేచనాలు, నిద్రలేమి, ఇవీ అతని ఫిర్యాదులు.

ముందు చేయాల్సింది డబ్బాల వెనక రాసింది చదవడం. చదివితే తెలిసే మొదటి విషయం, క్రియాటిన్ రెండు డబ్బాల్లో ఉందని. తాను 20 గ్రాములు తాగుతున్నాననుకున్నాడు, తాగుతున్నది 23. కొన్ని డబ్బాల మీద పదార్థాల పేర్లుంటాయి గానీ విడివిడిగా ఎంతెంతో ఉండదు, అన్నిటికీ కలిపి ఒకే అంకె వేస్తారు. అలాంటి డబ్బాతో ఈ పరీక్ష చేయడం కుదరదు. దాన్ని పక్కనపెట్టి, ఒక్కో డబ్బాలో ఒక్కటే పదార్థం ఉన్నవి తీసుకోవాలి.

తర్వాత వారం పాటు అన్నీ బంద్. ఒక నోట్‌బుక్‌లో రోజూ నాలుగే విషయాలు రాయాలి: పొద్దున్నే బరువు, కడుపు ఎలా ఉంది, ఎన్నింటికి నిద్ర పట్టింది, చర్మం మీద ఏమైనా అనిపించిందా. ఆపిన రోజునుంచే చిమచిమ ఉండదు. కడుపు రెండు మూడు రోజుల్లో కుదురుకుంటుంది. ఇక్కడ రెండు మోసాలు కాచుకుని ఉంటాయి. కెఫీన్‌కు అలవాటుపడ్డవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, అది వారం దాకా ఉండొచ్చు. అదేదో కొత్త జబ్బనుకోకూడదు. రెండోది బరువు. క్రియాటిన్ ఆపగానే కండరంలోని నిల్వ ఖాళీ కాదు, మామూలు స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆపినా బరువు తగ్గలేదంటే క్రియాటిన్‌కు సంబంధం లేదని అర్థం కాదు. కడుపు విషయం అలా కాదు. పేగుల్లోకి పొడి చేరకపోతే దానివల్ల వచ్చే విరేచనాలూ ఆగిపోతాయి.

రెండో వారం క్రియాటిన్ ఒక్కటే. లోడింగ్ లేకుండా రోజుకు 3 గ్రాములు, అన్నం తిన్నాక, సరిపడా నీళ్లలో. ఇలా వెళ్తే నిల్వలు నిండడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అయినా చివరికి చేరేది అదే స్థాయికి. వారం గడిచినా కడుపు నిమ్మళంగా ఉంటే మొదటి చీటీ కొట్టేయొచ్చు. ‘క్రియాటిన్ పడదు’ అన్నది తప్పు, ‘పది గ్రాములు ఒకేసారి పడదు’ అన్నది నిజం కావచ్చు. 

మూడో వారం క్రియాటిన్ అలాగే ఉంచి, వే ప్రోటీన్ చేర్చాలి. అదీ నీళ్లలో. పాలలో కలిపితే ఒకేసారి రెండు చేర్చినట్టవుతుంది. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ సరిగా అరగనివాళ్లు దక్షిణాదిలో చాలామంది ఉన్నారు. వే ప్రోటీన్‌లోనూ కాన్సంట్రేట్ రకంలో లాక్టోజ్ కొంత మిగిలి ఉంటుంది, ఐసోలేట్ రకంలో బాగా తక్కువ. మన కుర్రాడికి నీళ్లలో కలిపినన్ని రోజులు కొద్దిగా గ్యాస్ తప్ప ఏమీ లేదనుకుందాం. పాలలో కలిపిన రోజు రెండు గంటలు తిరక్కుండానే పొట్ట బిగిసింది. ఒక్క రోజుతో తీర్పు చెప్పేయకూడదు. మూడు రోజులు పాలు మాని, మళ్లీ ఒక రోజు తాగి చూడాలి. ఆపితే పోయి, మళ్లీ మొదలుపెడితే తిరిగి వచ్చిందంటే అనుమానం బలపడినట్టే. మందుల దుష్ప్రభావాలను తూకం వేయడానికి వైద్యులు వాడే 1981 నాటి నరాంజో ప్రశ్నావళిలోనూ ఈ రెండు ప్రశ్నలు ఉంటాయి: మందు ఆపితే తగ్గిందా, మళ్లీ ఇస్తే వచ్చిందా?

నాలుగో వారం బీటా అలనిన్. మొదట 800 మిల్లీగ్రాములు ఒక్కసారి, తిండితో పాటు. ఇబ్బంది లేకపోతే రోజుకు రెండు సార్లు, ఆ తర్వాత నాలుగు సార్లు, మధ్యలో మూడు నాలుగు గంటల విరామంతో. అలా రోజుకు 3.2 గ్రాములు పూర్తవుతాయి. స్కూప్‌లో ఉన్నదీ అంతే మోతాదు, కాకపోతే అది ఒకేసారి లోపలికి పోతుంది. నిదానంగా కరిగే మాత్రలు తీసుకున్నా చిమచిమ తగ్గుతుంది. చర్మం సంగతి అరగంటలో తేలిపోతుంది కాబట్టి ఈ మెట్టుకు వారం కూడా అక్కర్లేదు, నాలుగు రోజులు చాలు. 

ప్రయోజనం సంగతి వేరు. కార్నోసిన్ మెల్లగా పేరుకుంటుంది. ఒక పరిశోధనలో అది నాలుగు వారాల్లో దాదాపు 60 శాతం, పది వారాల్లో 80 శాతం పెరిగింది. దుష్ప్రభావం ఉందో లేదో తేలడానికి రోజులు చాలు, లాభం ఉందో లేదో తేలడానికి నెల పైనే కావాలి. ఈ రెండు గడువులనూ కలిపేసుకోవడం వల్లే ‘వారం వాడాను, ఏం లాభం లేదు’ అన్న మాట వినిపిస్తుంది.

చివర్లో కెఫీన్. సామాన్యంగా దాని సగం భాగాన్ని వదిలించుకోవడానికి ఒంటికి అయిదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇది ఎక్కువ తక్కువలవుతుంది. ఆరున్నరకు తాగిన 200 మిల్లీగ్రాముల్లో రాత్రి పదకొండున్నరకు ఇంకా 100 మిల్లీగ్రాములు ఒంట్లో ఉన్నట్టే. పడుకోబోయే ముందు ఒక కాఫీ తాగితే నిద్రపడుతుందా? ఆ లెక్కలోకి ఆఫీసులో తాగిన రెండు టీలు ఇంకా రాలేదు. ఇదే కెఫీన్‌ను వారం పాటు పొద్దున మాత్రమే తీసుకుని చూస్తే నిద్రకు అడ్డం పడేది పదార్థమా, తాగే సమయమా అన్నది తెలుస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 400 మిల్లీగ్రాములు దాటొద్దన్నది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచన. గుండె దడ ఉన్నవాళ్లకు, రక్తపోటు ఉన్నవాళ్లకు ఈ అంకె వర్తించదు.

ఈ అయిదు వారాల్లో ఒక్కోసారి ఒక్కటే మారాలి అన్న నియమం డబ్బాలతోనే ఆగదు. అదే వారంలో గుడ్లు పెంచడం, కొత్త వ్యాయామం మొదలుపెట్టడం, ప్రయాణం పెట్టుకోవడం, పొడి బ్రాండు మార్చడం, ఏదైనా లెక్క తప్పిస్తుంది. తెలిసి తాగడం వల్ల కలిగే భయం కూడా లెక్క తప్పించగలదు. బ్రిటన్‌లో జరిగి 2020లో ప్రచురితమైన సామ్సన్ పరిశోధన దీన్ని బలంగా చూపింది. కొలెస్ట్రాల్ మాత్రలు పడట్లేదని మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా గమనించారు. అసలు మాత్రతో వచ్చిన బాధల్లో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. బాధ నిజమే, కారణం మాత్రం మందులో లేదు. కడుపు, అలసట, తలనొప్పి లాంటి వాటి విషయంలో గట్టిగా తేల్చుకోవాలనుకునేవాళ్లు ఒకేలా కనిపించే క్యాప్సూళ్లు రెండు రకాలు చేయించి, ఏ వారం ఏది ఇస్తున్నారో ఇంట్లో ఒకరికే తెలిసేలా చూసుకోవచ్చు.

నోట్‌బుక్‌లో కనిపించని దుష్ప్రభావం ఒకటుంది, అది ల్యాబ్ రిపోర్టులో కనిపిస్తుంది. క్రియాటిన్ ఒంట్లో క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కిడ్నీ పనితీరును లెక్కించేది రక్తంలోని ఈ క్రియాటినిన్‌ను బట్టే. క్రియాటిన్ వాడేవారిలో, అందులోనూ కండ ఎక్కువున్నవారిలో, కిడ్నీలు బాగున్నా ఆ అంకె కాస్త ఎక్కువగా రావచ్చు. రిపోర్టు చూసిన డాక్టర్‌కు ‘నేను క్రియాటిన్ వాడుతున్నాను’ అని చెప్పకపోతే లేని జబ్బు మొదలైనట్టు అనిపిస్తుంది. చెబితే సిస్టాటిన్ సి అనే మరో పరీక్ష రాస్తారు, దాన్ని క్రియాటిన్ మార్చదు. వీలైతే వాడకం మొదలుపెట్టే ముందే ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే పోల్చుకోవడానికి పాత అంకె చేతిలో ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఈ ప్రయోగాలను సొంతంగా చేయకూడదు.

మళ్లీ తాగి చూడటం అన్నది కొన్ని లక్షణాలకు అస్సలు పనికిరాదు. పెదవులు, నాలుక వాచడం, ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రం టీ రంగులోకి మారడం, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా అన్నీ ఆపేసి డబ్బాలతో సహా ఆస్పత్రికి వెళ్లాలి. లేబుల్ మీద లేని పదార్థం లోపల ఉండే ప్రమాదాన్ని నోట్‌బుక్ పట్టుకోలేదు. గతంలో చాలా ప్రీ వర్కౌట్ పొడుల్లో వాడిన డీఎంఏఏ అనే ఉత్ప్రేరకం రక్తపోటును ప్రమాదకరంగా పెంచుతుందని అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించి, అమ్మకాలను అడ్డుకుంది.

మన ఉదాహరణలోని కుర్రాడి దగ్గర అయిదో వారం చివర మిగిలిన లెక్క ఇది. క్రియాటిన్ రోజుకు 3 గ్రాములు, మధ్యాహ్నం భోజనం తర్వాత. బీటా అలనిన్ 800 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు సార్లు. వే ప్రోటీన్ నీళ్లలో, పాలు బంద్. ప్రీ వర్కౌట్ డబ్బాను స్నేహితుడికి కూడా ఇవ్వకుండా పక్కన పెట్టాడు. దాని బదులు పొద్దున పూట జిమ్‌కి వెళ్లిన రోజుల్లో ఒక ఫిల్టర్ కాఫీ, సాయంత్రం వెళ్లిన రోజుల్లో అదీ లేదు.